ఎనిమిది నుంచి ఎనిమిది డ్యూటీ, ఏడు నుంచి ఆరు పోలింగ్: ఓటు కోసం పర్మిషన్ అడిగిన నా అనుభవం

2024 మే 13, సోమవారం, మన రాష్ట్రంలో అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకే రోజు పోలింగ్. మా వైపు టైము ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు. నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ప్లాంట్ ఆపరేటర్‌ని, డ్యూటీ ఉదయం 8 నుంచి రాత్రి 8. అంటే పోలింగ్ టైములో నాకు మిగిలేది పొద్దున ఒక్క గంట. నా ఓటేమో గుంటూరులో లేదు, తెనాలిలో ఉంది. పాతిక కిలోమీటర్లు పోయి, లైన్లో నిలబడి, ఓటేసి, మళ్ళీ పాతిక కిలోమీటర్లు వచ్చి ఎనిమిదికి రిజిస్టర్లో సంతకం పెట్టడం ఎవరివల్లా కాదు. అందుకని పర్మిషన్ అడగాల్సి వచ్చింది. అదెలా అడిగాను, ఎక్కడ ఆగింది, ఎలా కుదిరింది అనేది రాస్తున్నాను, ఎందుకంటే నాలాగా ఆపకూడని మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళలో చాలామంది అడగకుండానే ఓటు వదిలేసుకుంటారు.

ముందు చట్టం సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో సెక్షన్ 135బి అని ఒకటుంది, 1996లో చేర్చారు. వ్యాపారం, ఫ్యాక్టరీ, షాపు, ఇంకే సంస్థలో పనిచేసే వాళ్ళకైనా, లోక్‌సభ లేదా అసెంబ్లీ ఎన్నికలో ఓటు హక్కు ఉంటే, పోలింగ్ రోజున సెలవివ్వాలి, ఆ రోజు జీతం కోయకూడదు. చాలామంది "రెండు గంటలు పర్మిషన్ ఇస్తే చాలంట" అంటుంటారు. సెక్షన్‌లో గంటల లెక్క లేదు, ఉన్నది పూర్తి రోజు సెలవే. రోజు కూలీలకు కూడా ఇది వర్తిస్తుందని ఎన్నికల సంఘం చెబుతూనే ఉంటుంది, పని ఒక ఊళ్ళో ఓటు ఇంకో ఊళ్ళో ఉన్నా వర్తిస్తుందని కూడా.

మరి పూర్తి రోజే ఉంటే నేను గంటలు ఎందుకు అడిగానంటే, అదే సెక్షన్‌లో చివర నాలుగో ఉపసెక్షన్ ఉంది. ఎవరు పనిలో లేకపోతే ప్రమాదం గానీ పెద్ద నష్టం గానీ జరిగే అవకాశం ఉందో ఆ ఓటరుకు ఈ సెలవు వర్తించదు అని. మాది సరిగ్గా అలాంటి పనే. మా ప్లాంట్ అమ్మోనియా మీద నడుస్తుంది. మే నెలంటే సీజన్ అయిపోయి స్టాకంతా లోపలే ఉంటుంది, ఛాంబర్ల నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. రైతులు అప్పు తెచ్చి దాచుకున్న సరుకు, దాని మీద బ్యాంకు లోన్లు కూడా ఉంటాయి. బయట నలభై డిగ్రీల ఎండలో లోపల ఐదారు డిగ్రీలు నిలబెట్టాలి. ఆపరేటర్ లేకపోతే కంప్రెసర్ ప్రెషర్ పెరిగి ట్రిప్ అయినా చూసేవాళ్ళు ఉండరు, ఎక్కడైనా గ్లాండ్ దగ్గర గ్యాస్ లీకైనా ఏ వాల్వ్ కట్టాలో తెలిసినవాళ్ళు ఉండరు. కాబట్టి "నాకు చట్టప్రకారం సెలవు, నేను రాను" అని చెప్పి వెళ్ళిపోవడానికి నాకు లేదు, అలా పోవాలని నాకు కూడా అనిపించలేదు.

పోస్టల్ బ్యాలెట్ పెట్టుకోవచ్చు కదా అని మా తమ్ముడు అన్నాడు. అత్యవసర సేవల వాళ్ళకి ఆ సౌకర్యం ఉన్న మాట నిజమే, కానీ ఎన్నికల సంఘం నోటిఫై చేసిన శాఖలకే, అదీ ఫారం 12డి ముందుగానే ఇవ్వాలి. ప్రైవేటు కోల్డ్ స్టోరేజీ అందులోకి రాదు. బూత్‌కి వెళ్ళి వేయడమే దారి.

మేనేజర్ గారిని మొదట నోటితోనే అడిగాను. ఆయన వెంటనే, "ఏడింటికే మొదలవుతుంది కదయ్యా, నీ డ్యూటీ ఎనిమిదికి, వేసేసి రా" అన్నారు. నా ఓటు గుంటూరులోనే అనుకున్నారు. తెనాలి అని చెప్పగానే, "పోనీ సాయంత్రం ఐదింటికి వెళ్ళు, ఆరు దాకా ఉంటుంది" అన్నారు. ఇది వినడానికి బానే ఉంటుంది, చాలా చోట్ల యాజమాన్యాలు చెప్పేది కూడా ఇదే. కానీ ఐదింటికి గుంటూరులో బయల్దేరితే ఆ రోజు ట్రాఫిక్‌లో తెనాలి చేరేసరికి ఆరవుతుంది. ఆరు గంటలకి లైన్లో ఉన్నవాళ్ళందరికీ ఓటు వేయనిస్తారు, ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకం పెట్టిన చీటీలు లైన్ చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకి పంచుకుంటూ వస్తారు. వెనక నుంచి పంచడం ఎందుకంటే, ఆరు తర్వాత వచ్చినవాళ్ళు తోకలో కలవకుండా. అంటే ఆరూ ఐదుకి వెళ్తే ఇంక ఏం చెప్పినా లాభం లేదు. ఇంకో ఇబ్బంది, ఆరింటికి లైన్లో దొరికినా ఓటు ఎనిమిదికి పడుతుందో పదికి పడుతుందో తెలియదు, నా బదులు ప్లాంట్‌లో కూర్చున్న మనిషికి ఫలానా టైముకి వస్తానని మాటివ్వలేను. పొద్దున అయితే నేను వచ్చే టైము చెప్పగలను, ఒకవేళ కుదరకపోతే సాయంత్రం ఇంకోసారి ప్రయత్నించడానికి వీలుంటుంది. ఈ మాటే ఆయనకి చెప్పాను.

"మరి ఎనిమిది నుంచి నువ్వు వచ్చేదాకా ప్లాంట్ ఎవరు చూస్తారు? నైట్ వాణ్ణి ఉండమంటావా?" అన్నారు. అసలు ప్రశ్న ఇదే.

నైట్ ఆపరేటర్ నాకంటే పెద్దాయన, నేను బాబాయ్ అని పిలుస్తాను. అడిగితే కాదనడు. కానీ రాత్రి ఎనిమిది నుంచి మేలుకుని ఉన్న మనిషిని పొద్దున పదకొండు దాకా, అంటే పదిహేను గంటలు, అమ్మోనియా ప్లాంట్ ముందు కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. నిద్ర మత్తులో గేజ్ ఒకటి కనిపిస్తే చెయ్యి ఇంకో వాల్వ్ మీదకి పోతుంది. పైగా ఆయనకీ ఓటుంది, గుంటూరులోనే, ఆయన ఇంటికెళ్ళి పడుకుని లేచి వేసుకోవాలి. అందుకని నేను వెళ్ళి మా ప్లాంట్ ఇన్‌ఛార్జ్ గారిని అడిగాను. ఆయన ఒకప్పుడు ఆపరేటర్‌గా చేసినవాడే, మాస్క్ ఎక్కడుందో, అమ్మోనియా లిక్విడ్ నిలవుండే రిసీవర్ ట్యాంకు దగ్గర కింగ్ వాల్వ్ ఎలా కట్టాలో మాకందరికీ నేర్పింది ఆయనే. ఓటు గుంటూరులో, ఇంటి పక్క స్కూల్లోనే. "నువ్వు పదకొండుకి వచ్చేస్తే నేను అప్పుడు పోయి వేసుకుంటా" అన్నారు.

ఇంకొక మాట కూడా ఆయనతో మాట్లాడుకున్నాను, నా అభిప్రాయంలో పర్మిషన్ రావడానికి ఎక్కువ పనికొచ్చింది ఇదే. పోలింగ్ రోజు హమాలీలు ఎలాగూ రారు, వాళ్ళకీ సెలవే. సరుకు లోపలికి రాదు, బయటికి పోదు, ఛాంబర్ తలుపులు తెరవరు. మామూలు రోజుల్లో మా ప్లాంట్ మీద లోడ్ అంతా తలుపు తెరిచినప్పుడు వచ్చే వేడి గాలితోనూ, కొత్తగా లోపలికొచ్చే వేడి సరుకుతోనూ పడుతుంది. తలుపులు మూసి ఉంటే, నలభై కిలోల పైబడిన టిక్కీలు వేలల్లో చల్లబడి ఉన్నాయి కాబట్టి ఆ చలి అంత తొందరగా పోదు, కొన్ని గంటలకి టెంపరేచర్ పెద్దగా పెరగదు. కాబట్టి రాత్రే బాబాయ్ ఛాంబర్లని ఒక డిగ్రీ ఎక్కువ చల్లబరిచి పెడితే, పొద్దున ఆ మూడు గంటలూ ఒక్క కంప్రెసర్ మీద తేలిగ్గా నడుస్తుంది, ఏదైనా తేడా అనిపిస్తే ఇన్‌ఛార్జ్ గారు లిక్విడ్‌ని రిసీవర్‌లోకి లాగేసి మిషన్ ఆపేసినా సరుకుకి ఏమీ కాదు. చట్టంలో ఉన్న రెండు మాటల్లో నష్టం అన్న మాటకి ఇది జవాబు. ప్రమాదం అన్న మాటకి జవాబు వేరే, మిషన్ ఆగినా గ్యాస్ లోపలే ఉంటుంది, లీకు ఎప్పుడైనా రావచ్చు, అందుకే పని తెలిసిన మనిషి ప్లాంట్ రూమ్‌లో ఉండాల్సిందే. ఆ మనిషి పేరు కాగితం మీద ఉంటే "నువ్వు లేకపోతే ప్రమాదం" అనడానికి ఆధారం ఉండదని నేను అర్థం చేసుకున్నాను.

నోటి మాట నోటి మాటగానే పోతుంది కాబట్టి కాగితం మీద రాసిచ్చాను. బీఎల్ఓ ఇంటికొచ్చి ఓటరు స్లిప్పులు పంచాక రాస్తే మంచిది, అందులో పార్ట్ నంబరు, వరుస నంబరు, బూత్ ఉన్న స్కూలు పేరు అన్నీ ఉంటాయి. మా అమ్మ ఫోటో తీసి పంపింది. స్లిప్పు రాకపోయినా పర్లేదు, electoralsearch.eci.gov.in లో ఎపిక్ నంబరు, అంటే ఓటరు కార్డు మీద ఉండే నంబరు, కొడితే అవే వివరాలు వస్తాయి. పోలింగ్ టైము మాత్రం మీ నియోజకవర్గానిది చూసి రాయండి, అన్ని చోట్లా ఆరు దాకా ఉండదు, ఆ ఎన్నికల్లోనే మన్యం వైపు కొన్ని నియోజకవర్గాల్లో ముందే ముగించారు. నేను రాసింది ఇలా ఉంది:

"మేనేజర్ గారికి, మే 13, సోమవారం జరిగే ఎన్నికల్లో నా ఓటు తెనాలి నియోజకవర్గంలో ఉంది, ఓటరు స్లిప్పు జిరాక్స్ జతచేశాను. పోలింగ్ సమయం ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు. నా డ్యూటీ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు అయినందున డ్యూటీకి ముందు గానీ తర్వాత గానీ ఓటు వేసే వీలు లేదు. కావున ఆ రోజు ఉదయం 8 నుంచి 11 గంటల వరకు పర్మిషన్ ఇవ్వగలరు. ఆ సమయంలో ప్లాంట్ ఇన్‌ఛార్జ్ గారు ప్లాంట్ రూమ్‌లో ఉండటానికి అంగీకరించి కింద సంతకం చేశారు. ఉదయం 9.45 లోపు నా వంతు రాకపోతే తిరిగి వచ్చి 11కి డ్యూటీలో చేరతాను, అప్పుడు సాయంత్రం 4 గంటల నుంచి మళ్ళీ పర్మిషన్ ఇవ్వగలరు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 సెక్షన్ 135బి ప్రకారం ఈ సమయానికి జీతం కోత లేకుండా చూడగలరు."

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాను. సెక్షన్ నంబరు వేయడం అవసరమా, గొడవ పెట్టుకున్నట్టు ఉంటుందేమో అని బాబాయ్ అన్నాడు. నేను దాన్ని చివర ఒక్క వాక్యంలో, అదీ జీతం గురించి మాత్రమే రాశాను. చట్టం చూపించి భయపెడదామంటే అందులో ఉన్న శిక్ష యాజమాన్యానికి ఐదు వందల రూపాయల దాకా జరిమానా, అంతే. అది చూసి ఎవరూ భయపడరు. మేనేజర్‌కి కావాల్సింది "ఎనిమిది నుంచి పదకొండు దాకా ప్లాంట్ రూమ్‌లో ఫలానా మనిషి ఉంటాడు" అన్న ఒక్క లైను. అది చదివి ఆయన "పదకొండంటే పదకొండే" అని సంతకం పెట్టారు. ఓనరు గారిని అడగాలి అని మొదట అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

పోలింగ్ రోజు ఐదున్నరకి బండి మీద బయల్దేరాను. ఆ టైముకే రోడ్డు మీద జనం, హైదరాబాద్ నుంచి వచ్చిన బస్సులు, కార్లు. ఆరున్నర లోపే బూత్ దగ్గర ఉన్నాను, అప్పటికే మగవాళ్ళ లైన్లో ముప్పై మంది దాకా ఉన్నారు. ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి తమ్ముడి చేతికిచ్చి గేటు బయట ఉండమన్నాను, ఇన్‌ఛార్జ్ గారు ఫోన్ చేస్తే ఎత్తమని చెప్పి. నా దగ్గర ఉంచుకుంది ఓటరు కార్డు, స్లిప్పు మాత్రమే. స్లిప్పు ఒక్కటే ఉంటే గుర్తింపు కింద ఒప్పుకోరు, ఓటరు కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి ఏదో ఒకటి ఉండాలి. నా ముందు ఒకాయన స్లిప్పు మాత్రమే తెచ్చుకుని వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. పర్మిషన్ మీద వచ్చిన మనిషికి అదే జరిగితే ఆ గంట మళ్ళీ దొరకదు.

ఏడింటికి మొదలవ్వాల్సింది మొదలవలేదు. మాక్ పోల్ తర్వాత ఏదో మిషన్ ఇబ్బంది అన్నారు, సరిచేసేసరికి ఏడున్నర దాటింది. అక్కడి నుంచి కూడా లైను నెమ్మదిగానే కదిలింది, ఎందుకంటే ఒక్కో మనిషి రెండు ఓట్లు వేయాలి, లోక్‌సభకి ఒక మిషను, అసెంబ్లీకి ఒకటి, రెండు చోట్లా బటన్ నొక్కాక వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపించి పడిపోయేదాకా ఆగాలి. పెద్దవాళ్ళని, వికలాంగులని ముందుకి పంపిస్తారు, అది పంపించాల్సిందే. ఎనిమిదిన్నరకి నా ముందు ఇంకా పదిమంది ఉన్నారు. టెన్షన్ పడ్డ మాట నిజం, కానీ 9.45 అని నేనే గీత గీసుకున్నాను కాబట్టి ఉండాలా పోవాలా అన్న ఆలోచన అవసరం లేకపోయింది. తొమ్మిదీ పదికి వేలికి సిరా పడింది. పదీ ఇరవైకల్లా ప్లాంట్‌లో ఉన్నాను.

ఇన్‌ఛార్జ్ గారు లాగ్ బుక్‌లో ఎనిమిది, తొమ్మిది, పది గంటల రీడింగులు తన చేత్తో రాసి పక్కన సంతకం పెట్టి ఉంచారు, సక్షన్, డిశ్చార్జ్, ఆయిల్ ప్రెషర్, ఛాంబర్ల టెంపరేచర్లు. ఛాంబర్లలో ఒక్కదాంట్లోనే అర డిగ్రీ పెరిగింది. ఈ పేజీ జాగ్రత్తగా ఉంచుకోమని ఎవరైనా అడిగితే చెబుతాను, వచ్చే ఎన్నికకి "ఆపరేటర్ కదలడానికి లేదు" అంటే చూపించడానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు.

సాయంత్రం బాబాయ్ వంతు. ఆయన మధ్యాహ్నం దాకా పడుకుని ఎండ తగ్గాక ఐదుంబావుకి వెళ్ళాడు, అప్పటికి గుంటూరులో లైన్లు రోడ్డు మీదకి వచ్చాయి. ఆరు దాటినా ఆయన లైన్లోనే ఉన్నాడు, చీటీ చేతికిచ్చారు. ఎనిమిదికి ఆయన నన్ను రిలీవ్ చేయాలి. పక్కనున్న వాళ్ళ ఫోన్ నుంచి కబురు చేయించాడు, "నా కోసం చూడకురా, ఆలస్యమవుతుంది, పోనీ వచ్చేయనా" అని. చీటీ చేతిలో ఉన్నాక లైన్ వదిలి రావద్దని, నేను ఉంటానని చెప్పాను. తొమ్మిదింపావుకి వచ్చాడు. ఆ గంటంబావు నేను ఉండటం పెద్ద విషయం కాదు, నేను పొద్దున రెండు గంటల పైగా ఆలస్యంగా ఎక్కినవాణ్ణే.

నెలాఖరులో జీతం లెక్కలో ఆ రోజు సగం పూట కోత పడి ఉంది. పర్మిషన్ రెండు గంటలు దాటితే సగం రోజు కింద వేసుకోవడం మా ఆఫీసులో అలవాటు, అకౌంట్స్ ఆయన కావాలని చేసింది కాదు. సంతకం ఉన్న నా కాపీ చూపించాను, చివరి వాక్యం చూపించాను. "ఇది మామూలు పర్మిషన్ కాదండీ, అసలు చట్టప్రకారం రోజంతా జీతంతో సెలవు, నేను మూడు గంటలే తీసుకున్నాను" అని చెప్పాను. మేనేజర్ గారిని అడిగి మరుసటి నెల జీతంలో కలిపారు. ఆ ఒక్క వాక్యం కాగితంలో లేకపోతే నోటితో వాదించుకోవాల్సి వచ్చేది.

మా వాచ్‌మన్‌ది మాత్రం కుదరలేదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆయన ఓటు శ్రీకాకుళం దగ్గర పల్లెలో. రాత్రి రైలెక్కి పోవాలి, మళ్ళీ రాత్రికి రైలెక్కి రావాలి. సెక్షన్ ఇచ్చేది పోలింగ్ జరిగే ఆ ఒక్క రోజే, ప్రయాణానికి పట్టే రోజుల మాట అందులో లేదు, ఆ రోజులు సొంత సెలవులోంచి పోవాలి, ఆయనకి సెలవులు మిగల్లేదు. గేటు దగ్గర ఆయన బదులు ఉండటానికి ఇద్దరం ఒప్పుకున్నా, రెండు రోజుల జీతం పోగొట్టుకోలేనన్నాడు. ఆయన గుంటూరులోనే ఉంటున్నాడు కాబట్టి ఫారం 8 పెట్టి ఓటు ఇక్కడికి మార్పించుకోవచ్చు. తర్వాత ఓ ఆదివారం కూర్చుని ఆ ఫారం నింపాం, అద్దె ఇంటి అడ్రస్‌కి ఏ కాగితం పెట్టాలన్న దగ్గర ఆగింది. ఇంటి ఓనరు అగ్రిమెంటు రాసిస్తానన్నారు, ఇంకా ఇవ్వలేదు, ఈ వారం నేనే వెళ్ళి అడగాలి.